వేటమాంసం ఫ్రీజర్‌లో పెడితే ఎందుకు గట్టిపడుతుంది? (రైగర్, ఏజింగ్, రంగు)

ప్రశ్న: ఆదివారం భీమవరంలో తెల్లారి ఐదింటికి కోసిన వేటమాంసం ముక్కలు కొట్టించి ఏడింటికల్లా డీప్ ఫ్రీజర్‌లో పెట్టాం. బుధవారం వండితే రబ్బరులా సాగింది, కరిగేటప్పుడు ఎర్రనీళ్లు కూడా చాలా వచ్చాయి. కొన్ని ముక్కలు గోధుమరంగుకి తిరిగాయి, పాడైనట్టేనా? మీట్ టెక్నాలజీ పరీక్షలో దీన్ని ఏమంటారు?

జవాబు: దీని పేరు థా రైగర్, అంటే గడ్డకట్టిన మాంసం కరిగేటప్పుడు కండ బిగుసుకోవడం. ఏడింటికి ఆ కండలో శక్తినిచ్చే ఏటీపీ ఇంకా మిగిలే ఉంది. మామూలుగా అయితే గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారి పీహెచ్ 7 దగ్గర్నుంచి 5.5–5.8కి దిగుతుంది, ఏటీపీ అడుగంటాక ఆక్టిన్, మయోసిన్ అనే కండ ప్రోటీన్లు విడిపోలేక కండ బిగుసుకుంటుంది. మేక, గొర్రెల్లో ఇది పూర్తవడానికి సుమారు పది పన్నెండు గంటలు పట్టొచ్చు. కోడికి మాత్రం గంటలోపే బిగుతు మొదలవుతుంది.

ఈలోపే గడ్డకట్టిస్తే ఆ పని మధ్యలో ఆగిపోతుంది. మంచు పలుకులు కాల్షియం దాచుకునే సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్‌ని చీలుస్తాయి. కరిగించగానే కాల్షియం ఒక్కసారి బయటపడుతుంది, మిగిలిన ఏటీపీతో కండ గట్టిగా ముడుచుకుంటుంది, లోపలి నీరు పిండినట్టు కారిపోతుంది. ఎముక పట్టులేని చిన్న ముక్కలు ఇంకా ఎక్కువ ముడుచుకుంటాయి.

కోల్డ్ షార్టెనింగ్ దీనికి దగ్గరి చుట్టం. అక్కడ గడ్డకట్టడం ఉండదు. పీహెచ్ ఇంకా 6 పైనుండగానే కండ 10 డిగ్రీల కిందికి చల్లబడితే వస్తుంది. పరీక్షలో రెండూ కలిపేసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. పాఠం ప్రకారం కళేబరాన్ని మొదట 10–15 డిగ్రీల దగ్గర ఉంచి, పీహెచ్ 6 దిగాకే చిల్లర్‌లోకి పంపాలి.

మన డెల్టా ఇళ్లలో 15 డిగ్రీల గది ఎక్కడిది? మే ఎండలో బయట ఉంచడం అసలే వద్దు, సూక్ష్మజీవులు ఊరుకోవు. కోసిన గంటా రెండు గంటల్లో వండేయండి. లేదా తొడని ఎముకతో సహా ముక్కలు కొట్టకుండా తెచ్చి, మూతగిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఒక రోజంతా ఉంచండి. పెద్ద ముక్క లోపల నెమ్మదిగా చల్లబడుతుంది, ఎముక కండని ముడుచుకోనివ్వదు. ఆ తర్వాతే ముక్కలు కొట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి.

ఆ ఒక రోజులో జరిగేదే ఏజింగ్. ఇక్కడే పరీక్ష గాలం వేస్తుంది: మెత్తబడటం అంటే ఆక్టిన్, మయోసిన్ బంధం విడిపోవడం కాదు. కాల్పైన్ ఎంజైములు కండపోగుల్లోని జెడ్-రేఖ దగ్గరి ప్రోటీన్లని తెంచుతాయి, ఆక్టిన్, మయోసిన్ అతుకు మాత్రం అలాగే ఉంటుంది.

రంగు సంగతి: అప్పుడే కోసిన ముఖం ఊదాగా ఉంటుంది, గాలి తగిలి అరగంటలోపే ఎర్రబడుతుంది. రెండిటిలోనూ కండకి రంగునిచ్చే మయోగ్లోబిన్‌లోని ఇనుము Fe²⁺ రూపమే. ఎర్రబడటాన్ని ఆక్సిజన్ చేరిక అనాలి, ఆక్సీకరణ అని రాస్తే తప్పు. గోధుమరంగు మెట్‌మయోగ్లోబిన్‌ది, అక్కడ ఇనుము Fe³⁺. ముక్కకి ముక్క అతుక్కుని గాలి కొద్దిగానే అందే చోట ఇది త్వరగా వస్తుంది. రంగొక్కటే చూసి పారేయకండి. పుల్లటి వాసన, చేతికి జిగురు ఉంటే మాత్రం వండొద్దు.