ప్రవచనాలకు తెలుగు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రెండూ ఎలా పెట్టాలి?

ప్రశ్న: మా బాబాయి గారి ప్రవచనాల ఛానెల్ అమెరికాలో పెద్దవాళ్ళూ, మనవలూ కలిసి చూస్తున్నారు. రెండు భాషలూ ఒకేసారి తెరమీద పెట్టొచ్చా? ఇంగ్లీషు ఎలా రాయాలి?

పెట్టొచ్చు. యూట్యూబ్‌లో సబ్‌టైటిల్స్ ఒకసారి ఒక భాషవే ఆన్ అవుతాయి కాబట్టి ఒకే ఫైల్లో పైన తెలుగు, కింద ఇంగ్లీషు పెట్టేయండి. అసలు తంటా ఇంగ్లీషు వాక్యంతోనే.

విజయవాడ సత్యనారాయణపురంలో మాకు తెలిసిన ఒక పంతులు గారి ప్రవచనాలకు సబ్‌టైటిల్స్ నేనే చేస్తుంటాను. ఒకసారి సత్యనారాయణ వ్రతకథ చెబుతూ ఆయన, "మొగుడొచ్చాడన్న సంబరంలో ప్రసాదం పుచ్చుకోకుండా రేవుకు పరిగెత్తిన కళావతికి..." అని ఆగి, అందరినీ ఓ చూపు చూసి, "అక్కడ ఓడ కనబడలేదు" అన్నారు. నేను ఆ వాక్యం మొత్తాన్ని ఇంగ్లీషులో ఒక్కటిగా రాసేశాను. ఇంగ్లీషులో క్రియ ముందుకొచ్చేస్తుంది కదా, ఓడ మాయమైన సంగతి మొదట్లోనే పడింది. డల్లాస్‌లో మా అక్క మనవడు "బోట్ పోయింది!" అని అరిచాడట. పక్కనున్న మా అక్కకి ఆ ముక్క ఇంకా చెవిన పడనే లేదు. ఫోన్లో నాకు బాగానే పడ్డాయి.

అప్పటినుంచి ఆయన ఊపిరి తీసుకునే చోటే విరుస్తున్నాను:

```
41
00:12:05,000 --> 00:12:09,000
ప్రసాదం పుచ్చుకోకుండా రేవుకు పరిగెత్తిన కళావతికి
Kalavati ran off without taking prasadam.

42
00:12:10,500 --> 00:12:12,500
అక్కడ ఓడ కనబడలేదు
The boat was gone.
```

తెలుగు లైను ఆయన నోటి మాటే, అక్షరం మార్చను. వింటూ చదివేవాళ్ళకు ఒక్క మాట తేడా వచ్చినా తెలిసిపోతుంది. ఇంగ్లీషు మాత్రం విరిచి, ఏ ముక్కకు ఆ ముక్క పూర్తయ్యేలా చిన్న వాక్యం చేస్తాను. ప్రసాదం, వ్రతం లాంటివి అలాగే వదిలేస్తాను, పిల్లలకు ఇంట్లో అలవాటైన మాటలే కదా. ఇంగ్లీషు లైను 42 అక్షరాలు దాటనివ్వను. దాటితే ఫోన్లో రెండు లైన్లుగా విరిగి, తెలుగు లైనుతో కలిసి పంతులు గారి మొహాన్ని మూసేస్తాయి.

శ్లోకం వచ్చినప్పుడు కింద అర్థం రాయను. అదే శ్లోకాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో ఇస్తాను, పిల్లలు గొంతు కలుపుతారు. అర్థం ఎలాగూ తర్వాత ఆయనే విడమరిచి చెబుతారు, అప్పుడు పెడితే సరిపోతుంది.

ఇంకొకటి. తెలుగు టైపింగ్ బయట డీటీపీ వాళ్ళకిస్తే యూనికోడ్‌లోనే కావాలని ముందే చెప్పండి. పాత ఫాంట్లలో కొట్టింది వాళ్ళ కంప్యూటర్లో ముత్యాల్లా ఉంటుంది, సబ్‌టైటిల్‌లోకి తెస్తే పిచ్చి గీతలు. గుంటూరులో ఒకచోట గంటన్నర ప్రవచనం కొట్టించుకుని, ఇంటికొచ్చి తెరిచి తల పట్టుకున్నాను. ఫైల్ సేవ్ చేసేటప్పుడు కూడా `UTF-8` ఎంచుకోండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలే మిగులుతాయి.