కారులోనే గూగుల్ ఉంటే ఆండ్రాయిడ్ ఆటో అవసరం లేదా?

"డాలస్‌లో ఉంటాం. మొదటి ఎలక్ట్రిక్ కారు కొనబోతున్నాం. మాకు నచ్చిన మోడల్‌లో ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే రెండూ లేవు. 'గూగుల్ బిల్ట్-ఇన్ ఉంది, ఇక అవి ఎందుకు' అంటున్నాడు సేల్స్‌మన్. నమ్మొచ్చా?"

సగం నమ్మొచ్చండి. మా ఇంట్లో రెండు రకాల కార్లూ ఉన్నాయి. మా ఆవిడ పెట్రోల్ కారులో ఆండ్రాయిడ్ ఆటో ఉంది, నా ఎలక్ట్రిక్ కారులో గూగుల్ బిల్ట్-ఇన్ ఉంది.

ఆండ్రాయిడ్ ఆటోలో యాప్ నడిచేది మీ ఫోన్‌లోనే. కారు స్క్రీన్ ఆ బొమ్మను చూపిస్తుంది, మీ వేలు ఎక్కడ తాకిందో తిరిగి ఫోన్‌కు చెబుతుంది. ఇంటర్నెట్, ప్రాసెసర్ రెండూ ఫోన్‌వే. ఐఫోన్‌కు ఇదే పని చేసేది కార్‌ప్లే. ఇలా ఫోన్‌ను కారు స్క్రీన్ మీద చూపించడాన్నే ఫోన్ ప్రొజెక్షన్ అంటారు. బిల్ట్-ఇన్‌లో అలా కాదు. కారులోనే ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, దాని యాప్‌లు, దాని నెట్ కనెక్షన్ దానివే. ఫోన్ ఇంట్లో మర్చిపోయినా మ్యాప్ నడుస్తుంది. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లకు ఈ తేడా ఎక్కడ తెలుస్తుందో మా హ్యూస్టన్ ప్రయాణంతో చెబుతాను. మా ఇంటి నుంచి 240 మైళ్లు. మా బ్యాటరీ 85 యూనిట్లు, 90 శాతం చార్జ్‌తో బయలుదేరాం. 75 మైళ్ల వేగంలో మా కారు యూనిట్‌కు సుమారు 2.9 మైళ్లు ఇస్తుంది, అంటే 220 మైళ్ల దాకా వెళ్తుంది. సరిపోదు. అడ్రస్ చెప్పగానే కారులోని మ్యాప్ హంట్స్‌విల్‌లో చార్జింగ్ ఆపు కలిపి, అక్కడికి చేరేసరికి 21 శాతం మిగులుతుందని చూపించింది. దారిలో చలి, వాన, ఎదురుగాలి. మైలేజీ 2.5కి పడిపోయింది. ఆ లెక్కన హంట్స్‌విల్ చేరేసరికి మిగిలేది 10 శాతమే. ఆ అంకె తగ్గుతూ రావడం స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంది. అందుకే పాతిక మైళ్లు ముందే మాడిసన్‌విల్‌లో ఆగాం. పిల్లలు వెనక నిద్రపోతున్నారు, నాకు మాత్రం టెన్షన్ లేదు.

ఫోన్ నుంచి వచ్చే మ్యాప్‌కు మామూలుగా మీ బ్యాటరీ ఎంతుందో తెలియదు. కొన్ని మోడళ్లు మాత్రమే ఆ సమాచారాన్ని ఫోన్‌కు ఇస్తాయి. మిగతా కార్లలో పై లెక్కంతా మీరే వేసుకోవాలి. ఇంకొకటి, చార్జర్‌కు దారి కారు మ్యాప్‌లోనే పెడితే చాలా కార్లు దగ్గరపడుతుండగా బ్యాటరీని వేడి చేసుకుంటాయి. ఫోన్ మ్యాప్ చూసి వెళ్తే ఆ సంగతి కారుకు తెలియదు. చలికాలంలో చల్లటి బ్యాటరీతో చార్జర్ దగ్గరికి వెళ్తే చార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. కొన్ని కార్లలో దీనికి విడిగా బటన్ ఉంటుంది, కానీ గుర్తుపెట్టుకుని నొక్కాల్సింది మీరే.

ఇక సేల్స్‌మన్ చెప్పని సగం. కారు నెట్ కనెక్షన్‌కు గడువు ఉంటుంది. మా ఉచిత ప్లాన్ అయిపోయిన రోజు పాటలు ఆగిపోయాయి, మ్యాప్‌లో ట్రాఫిక్ రంగులు మాయమయ్యాయి. ముందుగా ఎవరూ చెప్పలేదు, చాలా కోపం వచ్చింది. కొన్నాళ్లు ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి నెట్టుకొచ్చాం. కారు యాప్ స్టోర్ కూడా చిన్నది. మేం వినే తెలుగు పాటల యాప్ అందులో లేదు, బ్లూటూత్‌లో ఫోన్ నుంచే వింటున్నాం. వాట్సాప్ మెసేజ్‌లు మా ఆవిడ కారు చదివి వినిపిస్తుంది, నాది వినిపించదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వయసు. ఫోన్ మారిస్తే ఆండ్రాయిడ్ ఆటో కూడా కొత్తదవుతుంది. కారులోని చిప్, మోడెమ్ మాత్రం పదేళ్లయినా అవే. 2022లో అమెరికాలో 3జీ నెట్‌వర్క్‌లు మూసేసినప్పుడు ఎన్నో కార్లలో నెట్‌తో నడిచే సౌకర్యాలు పోయాయి. మీరు కారు పదేళ్లు ఉంచుకునేవాళ్లయితే దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

నేనైతే రెండూ ఉన్న కారు కొంటాను. అలాంటివి ఉన్నాయి. పోల్‌స్టార్ 2 నడిచేది ఆండ్రాయిడ్ ఆటోమోటివ్ మీదే, అయినా కార్‌ప్లే కూడా పనిచేస్తుంది. జనరల్ మోటార్స్ మాత్రం కొత్త ఎలక్ట్రిక్ కార్లలో ఫోన్ ప్రొజెక్షన్ తీసేస్తామని 2023లో ప్రకటించింది. ఇంటి నుంచి ఆఫీసుకే తిరిగే కారైతే ఫోన్ ప్రొజెక్షన్ ఒక్కటే చాలు, బ్యాటరీ లెక్కలతో పెద్దగా పని పడదు.

మీకు నచ్చిన ఆ మోడల్‌నే కొనాలనుకుంటే టెస్ట్ డ్రైవ్‌లో ఫోన్ ఆఫ్ చేసి, హ్యూస్టన్ అడ్రస్ కారుకు నోటితో చెప్పి చూడండి. చేరేసరికి బ్యాటరీ ఎంత శాతం ఉంటుందో చూపిస్తుందా, చార్జింగ్ ఆపులు తానే కలుపుతుందా అన్నది గమనించండి. తర్వాత డేటా ప్లాన్ ఎన్నేళ్లు ఉచితం, ఆ తర్వాత నెలకు ఎంత, కట్టకపోతే ఏమేం ఆగిపోతాయి అన్నవి కాగితం మీద రాయించుకోండి. నేను ఆ పని చేయలేదు, మీరు చేయండి.