పలకరింపులో మాట కంటే ముందు వచ్చేవి

తమ్ముడూ,

నీ కథ చదివాను. రఘు, సుధాకర్ ఆరేళ్ల తర్వాత ఆసుపత్రి వరండాలో ఎదురుపడే ఘట్టం మీదే కథ మొత్తం ఆనుకుని ఉంది. ఒకప్పుడు కలిసి వ్యాపారం చేసి, లెక్కల దగ్గర చెడి విడిపోయినవాళ్లు. సుధాకర్ ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వలేదు, రఘు అడగడం మానేశాడు. అలాంటి ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి నువ్వు ఇలా రాశావు: ‘సుధాకర్ చిరునవ్వుతో, రఘు కళ్లలోకి చూస్తూ, ఆప్యాయమైన గొంతుతో “బాగున్నావా రఘూ?” అన్నాడు.’

నవ్వు ఉంది, చూపు ఉంది, గొంతు ఉంది. సుధాకర్ మనసులో ఏముందో మాత్రం నాకు అంతుపట్టలేదు. అతను నిజంగానే సంతోషించాడా, తప్పించుకునే దారి లేక నవ్వాడా, డబ్బు సంగతి రఘు మరిచిపోయి ఉంటాడని ధీమాగా ఉన్నాడా? మూడింటిలో ఏదైనా ఆ వాక్యంలో ఇమిడిపోతుంది. నవ్వును, చూపును, గొంతును ఒకే క్షణంలో జరిగినట్టు కట్టగట్టి రాయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. మనుషులు పలకరించుకునేటప్పుడు అవి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఏది ముందు వచ్చింది, ఏది వెనకబడింది, ఏది తొందరగా వెళ్లిపోయింది అన్నదానిలోనే విషయమంతా ఉంటుంది. అందుకే ఈ ఉత్తరంలో నీ కథలోని మిగతా సంగతులు పక్కనపెట్టి ఆ వరండాలోనే ఉంటాను.

ముందు వరండా పొడవును వాడుకో. ఆడం కెండన్, ఆండ్రూ ఫెర్బర్ అనే పరిశోధకులు ఒక పుట్టినరోజు విందుకు వచ్చిన అతిథులను చిత్రీకరించి, ఆ దృశ్యాలను నిదానంగా పరిశీలించి, పలకరింపు ఎలా సాగుతుందో 1973లో వివరించారు. దూరం నుంచి చూసుకోవడం, చెయ్యెత్తడమో తలాడించడమో చేసి తొలి పలకరింపు అందించడం, నడిచి రావడం, దగ్గరకు వచ్చాక మాటలతో పలకరించుకోవడం. వీటిలో కథకుడికి బాగా పనికొచ్చేది ఆ నడక. నడిచి వస్తున్నప్పుడు మనుషులు సాధారణంగా చూపు పక్కకు తిప్పుకుంటారు. నేల వైపో, గోడ మీది బోర్డు వైపో, చేతిలోని ఫోను వైపో చూస్తారు. బాగా దగ్గరకు వచ్చాక మళ్లీ చూపు కలుపుతారు, నవ్వు కూడా అప్పుడే విచ్చుకుంటుంది.

కొత్తగా రాసేవాళ్లు ‘చూపు తప్పించాడు’ అని రాసి, అంతటితో అపరాధభావం చూపించామనుకుంటారు. నడుస్తూ చూపు తిప్పుకోవడం ఎవరైనా చేసేదే, అందులో ఏ అపరాధమూ లేదు. గమనించాల్సింది చివరి రెండు మూడు అడుగులు. చూపు తిరిగి రావలసిన చోట రాకపోతేనో, ఒక అడుగు ఆలస్యంగా వస్తేనో పాఠకుడికి ఏదో తేడా తగులుతుంది. సుధాకర్ ఫోను చూసుకుంటూ రావచ్చు, అది మామూలే. రఘు ఎదుట ఆగాక కూడా ఇంకొక్క క్షణం ఫోను వైపే చూసి, ఆ తర్వాత తల ఎత్తాడనుకో. ఆ ఒక్క క్షణం అతను సిద్ధపడటానికి తీసుకున్నదని నువ్వు చెప్పకుండానే తెలిసిపోతుంది.

దీనికంటే ముందు ఇంకో చిన్న కదలిక ఉంది. దూరం నుంచి తెలిసిన మనిషిని చూడగానే చాలామందిలో కనుబొమలు ఒక్కసారి పైకి లేచి దిగుతాయి. మనుషుల ప్రవర్తనను పరిశీలించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త ఐబ్ల్-ఐబెస్‌ఫెల్ట్ ఒకదానికొకటి ఎంతో దూరంగా ఉన్న సమాజాల్లో దీన్ని చిత్రీకరించాడు. సెకనులో ఆరోవంతు పాటు ఉంటుందా కదలిక. చేసినవాడికి చేసినట్టే తెలియదు, చూసినవాడికి మాత్రం అవతలివాడు తనను గుర్తుపట్టాడని తెలుస్తుంది. ఇది నీ కథకు పదును పెడుతుంది. సుధాకర్ కనుబొమలు లేచి దిగడం రఘు దూరం నుంచే చూసేశాడనుకో. ఆ తర్వాత దగ్గరకు వచ్చి సుధాకర్ ‘అరె, నువ్వా! గుర్తుపట్టనే లేదు’ అంటే ఆ అబద్ధం గురించి నువ్వు ఒక్క మాట కూడా రాయనక్కరలేదు.

ఇక నవ్వు. ‘పెదవులు నవ్వాయి కానీ కళ్లు నవ్వలేదు’ అనే వాక్యం నీ కథలో రెండుచోట్ల ఉంది. రెండూ కొట్టెయ్. పాతబడిపోయిందన్నది ఒక కారణం. అంతకంటే ముఖ్యమైనది, అది నమ్మదగిన గుర్తు కాదు. ఈ ఆలోచన ఫ్రెంచి వైద్యుడు దుషెన్ 1862లో ప్రచురించిన పరిశోధన నుంచి వచ్చింది. పెదవి కొసలను పైకి లాగే కండరాన్ని మనం కావాలని కదిలించగలమని, కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం నిజమైన సంతోషానికే కదులుతుందని ఆయన భావించాడు. తర్వాత వచ్చినవాళ్లు చూస్తే అది అంత గట్టి సరిహద్దు కాదని తేలింది. కావాలని కళ్లతోనూ నవ్వగలిగేవాళ్లు ఉన్నారు. పైగా ఎవరైనా నోరు బాగా సాగదీసి నవ్వితే బుగ్గలు పైకి లేచి కళ్ల కొసలు వాటంతటవే ముడతలు పడతాయి. కాబట్టి కళ్ల దగ్గర ముడతలు లెక్కపెట్టి నిజమైన నవ్వేదో నకిలీదేదో పాఠకుడికి తేల్చి చెప్పకు.

నవ్వు ఎలా వచ్చింది, ఎలా పోయింది అన్నది చూడు. లోపలి నుంచి వచ్చిన నవ్వు కాస్త నిదానంగా విచ్చుకుంటుంది, మాట నడుస్తున్నకొద్దీ పెరుగుతుంది, తరుగుతుంది, మనిషి పక్కకు తిరిగాక కూడా కాసేపు ముఖం మీద మిగులుతుంది. తెచ్చిపెట్టుకున్న నవ్వు చాలాసార్లు ఒక్కసారిగా వస్తుంది, ఎదుటివాడు ఏం చెప్పినా అదే కొలతలో నిలిచి ఉంటుంది, అవసరం తీరగానే స్విచ్చి ఆపినట్టు పోతుంది. నన్నడిగితే నవ్వు మొదలయ్యే క్షణం కంటే ముగిసే క్షణమే కథకుడికి ఎక్కువ అక్కరకొస్తుంది. మొదలును ఎవరైనా జాగ్రత్తగా దిద్దుకుంటారు, ముగింపు మీద ఎవరి కాపలా ఉండదు. నీ సన్నివేశంలో నర్సు వచ్చి సుధాకర్‌ను పిలుస్తుంది కదా, ఆ పిలుపు నువ్వు వృథా చేశావు. సుధాకర్ ఆమె వైపు తిరిగిన క్షణంలో అతని ముఖం పక్క నుంచి రఘుకు కనిపిస్తుంది. ఆ ముఖం మీద అప్పటిదాకా ఉన్న నవ్వు ఉందా, లేదా? రాయాల్సింది అదే.

గొంతు గురించి ‘ఆప్యాయమైన’ అన్నావు. ఆ విశేషణం నాకేమీ వినిపించలేదు. ‘బాగున్నావా’ అన్న ప్రశ్న నిజంగా అడిగినప్పుడు చివరి దీర్ఘం దగ్గర గొంతు పైకి లేస్తుంది, ఆ తర్వాత జవాబు కోసం చిన్న ఖాళీ ఉంటుంది. అదే మాటను కిందికి దించి, ఊపిరి తీసుకోకుండా తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోతే అడిగినట్టు కాదు, అడగడమనే లాంఛనం తీర్చుకున్నట్టు. కాబట్టి స్వరాన్ని వర్ణించే బదులు ఆ ఖాళీని రాయి, లేదా అది లేదని చూపించు. “బాగున్నావా రఘూ, మా అత్తగారిని ఇక్కడే చేర్పించాం, రెండు రోజులైంది” అని సుధాకర్ చేత ఒకే గుక్కలో అనిపించు. రఘు బాగున్నాడో లేదో వినే ఉద్దేశం అతనికి లేదని పాఠకుడు తనే పట్టుకుంటాడు.

ఇక్కడ ఒక మాట. మనిషి చెప్పేదాంట్లో మాటల వాటా ఏడు శాతమేనని, మిగతాదంతా ముఖమూ గొంతేనని ఎవరో ఒకరు నీకు చెప్పే ఉంటారు. ఆ లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. విడివిడి మాటలను రకరకాల స్వరాలతో, ముఖ చిత్రాలతో కలిపి చూపించి, ఇష్టమా అయిష్టమా అని అడిగిన ప్రయోగాలవి. మనుషుల సంభాషణ మొత్తానికి దాన్ని అంటగట్టడం సరికాదు. నీ కథలో కూడా సుధాకర్ ‘డబ్బు’ అన్న మాట ఎత్తకపోవడం అతని నవ్వు కంటే ఎక్కువే చెబుతోంది. సంజ్ఞల మోజులో మాటను తక్కువ చేయకు.

అసలు ఇబ్బంది మరోచోట ఉంది. సుధాకర్ అందరినీ అలాగే పలకరించే మనిషైతే? కొందరు సహజంగా బిడియస్తులు, ఎవరితోనూ చూపు కలపరు. పెద్దవాళ్ల కళ్లలోకి నేరుగా చూడటం అమర్యాదగా భావించే సమాజాలూ ఉన్నాయి. కొందరి గొంతు ఎప్పుడూ కిందికే దిగుతుంది. ఆ మనిషికి మామూలు ఏదో తెలియకుండా ఒక్క పలకరింపును పట్టుకుని తీర్పు చెబితే పాఠకుడు నమ్మడు, నమ్మకూడదు కూడా. అందుకని రఘు కనబడకముందే సుధాకర్ చేత ఇంకొకరిని పలకరింపజెయ్. కథ మొదటి పేజీలో అతను డాక్టరుతో మాట్లాడుతున్నాడు కదా. అక్కడ అతను జవాబు కోసం ఆగుతాడని, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే తల కాస్త వాల్చి వింటాడని, నవ్వు తీరిగ్గా వస్తుందని చూపించు. నాలుగు పేజీల తర్వాత అదే మనిషి రఘు ముందు ఆగకుండా మాట్లాడితే తేడా తెలుస్తుంది.

రఘును కూడా ఉత్తి ప్రేక్షకుడిగా నిలబెట్టకు. పలకరింపు ఇద్దరిది. అతను వెంటనే బదులిస్తే ఒక అర్థం, అర సెకను ఆగి బదులిస్తే ఇంకొకటి. సుధాకర్ చూపు పక్కకు జారిపోయాక కూడా రఘు చూపు అక్కడే ఉంటే మూడోది. చూపు ఎంతసేపు కలిసి ఉంటే హాయిగా ఉంటుందో కొలిచిన ఒక అధ్యయనంలో సగటున మూడు సెకన్లకు కొంచెం పైగా వచ్చింది. దాటితే ఇద్దరిలో ఒకరికి ఇబ్బంది మొదలవుతుంది. రఘు అంతకంటే ఎక్కువసేపు చూడగలడు, చూడనీ.

నేనైతే ఇలా రాస్తాను, నీకు నచ్చినంత తీసుకో:

‘వరండా అవతలి కొసన సుధాకర్ కనుబొమలు లేచి దిగాయి. తర్వాత అతను ఫోను తీశాడు. దగ్గరికి వచ్చి ఆగాక కూడా దాన్నే చూసి, తల ఎత్తాడు. ఎత్తేసరికే నవ్వు సిద్ధంగా ఉంది. “బాగున్నావా రఘూ, మా అత్తగారిని ఇక్కడే చేర్పించాం, రెండు రోజులైంది.” రఘు ఏమీ అనలేదు. సుధాకర్ నవ్వు అలాగే ఉంది. నర్సు పిలిచింది. అతను అటు తిరిగాడు. పక్క నుంచి కనిపించిన ముఖంలో నవ్వు లేదు. “బాగానే ఉన్నాను,” అన్నాడు రఘు.’

‘ఆప్యాయంగా’, ‘చిరునవ్వుతో’ ఒక్కటీ లేవు చూడు. రఘు జవాబు ఆలస్యంగా, అదీ సుధాకర్ అటు తిరిగాక రావడం నీకు అవసరం లేదనిపిస్తే మార్చుకో. నాకు మాత్రం అతని కోపం అక్కడే వినిపించింది.

చివరి పేజీలోని ఫోను సన్నివేశం కూడా ఇదే దృష్టితో మళ్లీ చూడు. అక్కడ రఘుకు ముఖం లేదు, చూపు లేదు, గొంతు ఒక్కటే ఉంది. అయినా నవ్వును వదులుకోవక్కర్లేదు. నవ్వితే పెదవులు సాగి, గొంతు నుంచి పెదవుల దాకా ఉన్న దారి కాస్త పొట్టిదవుతుంది, దాంతో ధ్వని తేటపడుతుంది, వినేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. సుధాకర్ “హలో” అని తేటగా మొదలుపెట్టి, అవతల ఉన్నది రఘు అని తెలియగానే తర్వాతి మాటకు గొంతు మందగిస్తే చాలు. ‘అతని ముఖం మారిపోయింది’ అన్న వాక్యం అక్కడ ఎలాగూ నిలవదు, ఫోనులో రఘుకు ముఖం కనిపించదు కదా.

నీ
అన్నయ్య