రాఫ్ట్ స్ట్రిప్‌లో లోడ్లు బ్యాలెన్స్ కాకపోతే?

రాఫ్ట్ ఫౌండేషన్‌ను స్ట్రిప్‌లుగా విడదీసి రిజిడ్ పద్ధతిలో డిజైన్ చేస్తుంటే, ఒక్కో స్ట్రిప్‌లో కాలమ్ లోడ్లు, మట్టి రియాక్షన్ సమానం కావడం లేదు. లెక్క తప్పిందా?

తప్పలేదు, రెండింటినీ వాటి సగటుకు సవరించాకే మూమెంట్లు తీయాలి. దగ్గర దగ్గరగా కాలమ్స్ ఉన్న మందపాటి రాఫ్ట్ వంగదనుకుని, మొత్తం లోడు, ఎక్సెంట్రిసిటీల నుంచి మట్టి ఒత్తిడి కడతాం. కాబట్టి బ్యాలెన్స్ అయ్యేది మొత్తం రాఫ్టే. స్ట్రిప్‌ను విడదీసినప్పుడు, పక్క స్ట్రిప్‌ల నుంచి వచ్చే షియర్‌ను వదిలేస్తున్నాం, తేడా అక్కడిదే.

ఉదాహరణకు 3 మీ. × 15 మీ. స్ట్రిప్ కింద సగటు ఒత్తిడి 40 kN/m² అయితే రియాక్షన్ 1800 kN. కాలమ్ లోడ్లు 2200 kN అనుకుంటే సగటు 2000. అప్పుడు ఒత్తిడిని 2000/1800తో హెచ్చిస్తే 44.4 అవుతుంది, ప్రతి కాలమ్ లోడునూ 2000/2200తో, అంటే 0.91తో తగ్గించాలి. ఇప్పుడు షియర్ డయాగ్రమ్ చివర సున్నాకు వస్తుంది.

చాలామంది కాలమ్స్‌ను సపోర్టులుగా తీసుకుని కంటిన్యువస్ బీమ్‌లా చేస్తారు. అలా వచ్చే రియాక్షన్లు అసలు కాలమ్ లోడ్లతో కలవవు.