తక్కువ పీడనంలో ఏకాణుక చర్య ఫస్ట్ ఆర్డర్‌గా ఎందుకు ఉండదు?

ప్రశ్న: "లిండెమన్ మెకానిజం డెరివేషన్ మొత్తం చూడకుండా రాయగలను. కానీ ఒక్క అణువే విడిపోయే చర్యకి పీడనంతో పనేంటి? ప్రెషర్ తగ్గితే అణువులు తగ్గుతాయి, రేటు తగ్గుతుంది, అంతవరకు సరే. k ఎందుకు తగ్గాలి?"

నేను ఎంఎస్సీలో ఉన్నప్పుడు సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను. అప్పుడు మా సార్ బోర్డు మీద ఆరు జతల అంకెలు రాసి, గ్రాఫ్ గీసుకుని రమ్మన్నారు. నాకు ఈ విషయం అర్థమైంది ఆ అంకెలతోనే కాబట్టి, మీకూ వాటితోనే చెబుతాను.

చర్య సైక్లోప్రొపేన్‌ది. మూడు కార్బన్ల ఉంగరం తెరుచుకుని ప్రొపీన్ అవుతుంది. బయటి నుంచి ఏదీ వచ్చి కలవదు, ఏదీ విడిపోయి పోదు. ప్రిచర్డ్, సౌడెన్, ట్రాట్‌మన్-డికెన్సన్ అనే ముగ్గురు 1953లో దీని రేటును చాలా తక్కువ పీడనాల దాకా కొలిచారు. ఉష్ణోగ్రత 500 °C కి కాస్త తక్కువ.

```
p (Torr)    k (10^-4 s^-1)
84.1        2.98
11.0        2.23
2.89        1.54
0.569       0.857
0.120       0.392
0.067       0.303
```

ఇక్కడ k అంటే రేటును సైక్లోప్రొపేన్ గాఢతతో భాగించగా వచ్చినది. అంటే అణువులు తగ్గిన లెక్క అందులో అప్పటికే పోయింది. అయినా పై వరుస నుంచి కింది వరుసకు వచ్చేసరికి k పది వంతుల్లో ఒక వంతైంది. 84 టార్ దగ్గర సగం గ్యాస్ మారడానికి దాదాపు 39 నిమిషాలు పడితే, 0.067 టార్ దగ్గర ఆరు గంటలు దాటుతుంది. అదే అణువు, అదే ఉష్ణోగ్రత. మీరు అడిగిన "k ఎందుకు తగ్గాలి" అన్నది కొలతలో ఇలా కనబడుతుంది.

ఇప్పుడు కారణం. ఉంగరం తెరుచుకోవాలంటే మోల్‌కి సుమారు 272 కిలోజౌళ్ల శక్తి కావాలి. మామూలు అణువు దగ్గర అంత శక్తి ఉండదు. ఎక్కడి నుంచి వస్తుంది? 1919లో జాఁ పెర్రిన్, వేడి గోడల నుంచి వచ్చే వికిరణం ఇస్తుందన్నాడు. అప్పట్లో అది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మాటేమీ కాదు, ఎందుకంటే ఢీకొనడం వల్ల శక్తి వస్తే చర్య సెకండ్ ఆర్డర్ అవ్వాలి కదా అని అందరి అనుమానం. 1921లో ఫ్రెడరిక్ లిండెమన్ ఆ చిక్కు విప్పాడు. క్రిస్టియన్సెన్‌కు కూడా ఇంచుమించు అదే కాలంలో విడిగా ఇదే ఆలోచన వచ్చింది. శక్తి ఢీకొనడం వల్లే వస్తుంది, కానీ శక్తి అందిన వెంటనే అణువు మారిపోదు, మధ్యలో కొంత సమయం ఉంటుంది అన్నదే ఆ ఆలోచన.

```
A + M  -> A* + M    k1
A* + M -> A + M     k-1
A*     -> P         k2

k = k1·k2[M] / (k-1[M] + k2)
```

A అంటే సైక్లోప్రొపేన్, P అంటే ప్రొపీన్, M అంటే ఢీకొనే ఏ అణువైనా సరే. శక్తి అందిన A* ముందు రెండు దారులు ఉన్నాయి. ఉంగరం తెరుచుకోవడం ఒకటి, అంతలోపే ఇంకో అణువు తగిలి ఆ శక్తిని లాగేసుకోవడం ఇంకొకటి. 1 టార్ దగ్గర, ఆ ఉష్ణోగ్రతలో, ఒక సైక్లోప్రొపేన్ అణువుకు సెకనుకు 80 లక్షల దాకా ఢీలు తగులుతాయని నేను లెక్కగట్టాను. అంటే రెండు ఢీల మధ్య A* కి దొరికే వ్యవధి మైక్రోసెకనులో ఎనిమిదో వంతు. 84 టార్ దగ్గర ఆ వ్యవధి ఇంకా ఎనభై నాలుగో వంతుకు పడిపోతుంది.

పీడనం ఎక్కువున్నప్పుడు ఢీలే శక్తిని ఇస్తాయి, ఢీలే వెనక్కి తీసుకుంటాయి. M రెట్టింపైతే A* తయారయ్యే వేగం రెట్టింపు, ఆరిపోయే వేగం కూడా రెట్టింపు. అందువల్ల మొత్తం అణువుల్లో A* ల వాటా మారదు. ఆ వాటాలోంచి ఎప్పుడో ఒకటి చొప్పున ప్రొపీన్‌గా మారుతుంటాయి. M లెక్కలోంచి ఎగిరిపోతుంది, ఫస్ట్ ఆర్డర్ వస్తుంది. చాలామంది ఇక్కడ "ఢీలకు పని లేదు" అని రాస్తారు, అది తప్పు. ఢీలు మరీ ఎక్కువై, ఇచ్చిపుచ్చుకోవడం సమానమై, వాటి ప్రభావం బయటికి కనబడకుండా పోయింది, అంతే.

పీడనం బాగా తగ్గితే శక్తి అందిన అణువుకు మళ్లీ ఢీ తగలడానికి చాలాసేపు పడుతుంది. ఆలోపు అది మారిపోతుంది. వెనక్కి తీసుకునేవాడు లేడు కాబట్టి A* ల వాటా ఉండాల్సినదానికంటే తగ్గిపోతుంది. అప్పుడు చర్య వేగం అంటే A* తయారయ్యే వేగమే. తయారవ్వాలంటే ఇద్దరు కలవాలి, కాబట్టి సెకండ్ ఆర్డర్. మీ ప్రశ్నకు జవాబు ఇదే: విడిపోయేది ఒక్క అణువే, కానీ దాన్ని విడిపోయే స్థితికి తెచ్చేది ఇంకో అణువు.

దీన్ని పరీక్షించడం కూడా కష్టం కాదు. తక్కువ పీడనంలో సైక్లోప్రొపేన్‌కు, చర్యలో పాల్గొనని ఇంకో గ్యాస్‌ను కలిపితే k మళ్లీ పైకి లేస్తుంది. హీలియం, ఆర్గాన్ కూడా పనిచేస్తాయి, కానీ బలహీనంగా. ఒక సైక్లోప్రొపేన్ ఢీ చేసే పని చేయడానికి వాటి ఢీలు చాలా కావాలి. గోడల వికిరణమే శక్తి ఇస్తుంటే హీలియం కలపడం వల్ల మార్పు రాకూడదు.

ఇక నేను బోల్తా పడ్డ చోటు. "తక్కువ పీడనంలో సెకండ్ ఆర్డర్" అని చదివి, ఒకే రన్‌లో మిగిలిన సైక్లోప్రొపేన్ గాఢతకు లాగరిథమ్ తీసి కాలంతో గీస్తే గీత వంగుతుందని అనుకున్నాను. వంగదు. సైక్లోప్రొపేన్ ఒకటి పోతే ప్రొపీన్ ఒకటి వస్తుంది, మొత్తం పీడనం మారదు. ప్రొపీన్ కూడా ఇంచుమించు అంతే బాగా శక్తిని ఇచ్చి పుచ్చుకుంటుంది. అంటే రన్ మొదటి నుంచి చివరి దాకా [M] దాదాపు స్థిరం, k కూడా స్థిరం. ఏ పీడనంలోనైనా ఒక్క రన్ చూస్తే చక్కటి ఫస్ట్ ఆర్డరే కనిపిస్తుంది. తేడా తెలియాలంటే మొదలుపెట్టే పీడనాన్ని మార్చి, రన్‌కీ రన్‌కీ k ని పోల్చాలి. పై పట్టికలో ఉన్నది అదే.

ఇప్పుడు సార్ గీయమన్న గ్రాఫ్ సంగతి. లిండెమన్ సమీకరణాన్ని తిరగేస్తే ఇలా వస్తుంది.

```
1/k = k-1/(k1·k2) + 1/(k1[M])
```

1/p కి ఎదురుగా 1/k గీస్తే సరళరేఖ రావాలి. నేను ఆరు చుక్కలు పెట్టి స్కేలు ఆనించాను. మూడు చుక్కలు ఆనుకుంటే మిగతా మూడూ జారిపోతున్నాయి. లెక్క తప్పిందనుకుని రాత్రంతా మళ్లీ చేశాను, అవే చుక్కలు. మర్నాడు టెన్షన్‌గా షీటు చూపిస్తే సార్ పెన్సిల్ తీసుకుని, కింది రెండు పీడనాల చుక్కల్ని మాత్రమే కలిపి, ఆ గీతను నిలువు అక్షం దాకా పొడిగించమన్నారు.

మీరూ చేసి చూడండి. p = 0.120 దగ్గర 1/p = 8.33, 1/k = 25510. p = 0.067 దగ్గర 1/p = 14.93, 1/k = 33003. వాలు సుమారు 1137. అక్షాన్ని 16000 దగ్గర తాకుతుంది. దాని ప్రకారం ఎంత పీడనం పెట్టినా k విలువ 0.62 × 10^-4 దాటకూడదు. కానీ 84.1 టార్ దగ్గర కొలిచింది 2.98 × 10^-4, దాదాపు ఐదు రెట్లు. పై రెండు పీడనాల చుక్కల మధ్య వాలు చూస్తే 14000 పైమాటే. గీత నిటారుగా మొదలై క్రమంగా వాలిపోతోంది. కొలతలో తప్పు లేదు, నా లెక్కలోనూ లేదు. సమీకరణమే సరిపోవడం లేదు.

సరిపోనిది రెండు చోట్ల. మొదటిది k1. E అంటే ఇందాకటి 272 కిలోజౌళ్లు. ఢీల సంఖ్యను e^(-E/RT) తో గుణించి చూడండి. 0.067 టార్ దగ్గర ఢీలు సెకనుకు 5 లక్షల చిల్లర, e^(-E/RT) సుమారు 2 × 10^-19. వచ్చేది 10^-13 ప్రాంతం. కొలిచింది 3 × 10^-5, అంటే 20 కోట్ల రెట్లకు పైన. ఈ తేడాకు దారి చూపింది హిన్షెల్‌వుడ్, 1926-27 కాలంలో. తొమ్మిది పరమాణువుల సైక్లోప్రొపేన్‌లో 21 రకాల కంపనాలు ఉన్నాయి. కావలసిన శక్తి ఒకే చోట ఉండక్కర్లేదు, ఈ కంపనాలన్నిట్లో కొంచెం కొంచెంగా పరుచుకుని ఉన్నా చాలు. అలా పరుచుకునే మార్గాలు లెక్కలేనన్ని కాబట్టి A* లు అనుకున్నదానికంటే ఎంతో ఎక్కువగా తయారవుతాయి. పెద్ద అణువులు ఫస్ట్ ఆర్డర్‌ను తక్కువ పీడనాల దాకా నిలుపుకోవడానికి కూడా ఇదే కారణం. పరుచుకున్న శక్తి తిరిగి ఆ ఉంగరపు బంధం దగ్గర పోగవ్వడానికి సమయం పడుతుంది.

రెండోది k2, గ్రాఫ్ వంగడానికి అసలు కారణం. లిండెమన్ A* లన్నిటికీ ఒకే k2 ఇచ్చాడు. కానీ అవసరానికి కాస్త మించి శక్తి ఉన్న A* నెమ్మదిగా, చాలా మించి ఉన్నది చురుగ్గా మారుతుంది. రైస్, రామ్స్‌పర్గర్, కాసెల్ 1927-28లో k2 ని శక్తితో పాటు పెరిగేదిగా తీసుకున్నారు. పీడనం తగ్గించేకొద్దీ ముందుగా సమతుల్యం తప్పేది బాగా ఎక్కువ శక్తి ఉన్నవే, ఎందుకంటే అవి ఢీ తగిలేలోపే మారిపోతాయి. తక్కువ శక్తివి ఇంకా చాలా కింది పీడనం దాకా ఢీలతో ఆరిపోతూనే ఉంటాయి. అందుకే మార్పు ఒక్కచోట కాకుండా ఎన్నో వందల రెట్ల పీడన వ్యత్యాసం మీద మెల్లగా సాగుతుంది.

ఎంత మెల్లగా అంటే, పట్టికలో చివరి రెండు వరుసలు చూడండి. పీడనం 1.79 రెట్లు తగ్గితే k 1.29 రెట్లే తగ్గింది. పూర్తి సెకండ్ ఆర్డర్ అయితే రెండూ సమానంగా తగ్గాలి. లాగరిథమ్‌లు తీసి చూస్తే అక్కడ ఆర్డర్ 1.44 దగ్గర ఉంది. 0.067 టార్ దాకా దిగినా సగం దారి కూడా దాటలేదు. ఇంకా చాలా కిందికి వెళ్తే అణువులు ఒకదాన్నొకటి కాకుండా పాత్ర గోడల్ని ఢీకొనడమే ఎక్కువై, శక్తి గోడల నుంచే అందడం మొదలవుతుంది. అప్పుడు [M] అన్న పదం ఈ సమీకరణంలో పెట్టడానికే వీలుండదు.