డబ్బా మీద 0W-20 అంటే నీళ్ల ఆయిలా?

సందేహం: అన్నా, మాది తిరుపతి. చదువు కోసం మిన్నియాపోలిస్ వచ్చి, మొన్నే ఒక పాత పెట్రోలు కారు కొన్నాను. ఇంజన్ ఆయిల్ మూత మీద 0W-20 అని ఉంది. రేణిగుంట రోడ్డులో మా మామకి బైకు మెకానిక్ షెడ్డు ఉంది. ఆయనకి ఫోన్ చేస్తే "సున్నా ఏందిరా, అది నీళ్లు! ఇంజను సీజ్ అవుతాది. 20W-40 పొయ్యి" అంటున్నాడు. ఇక్కడి షాపులో 5W-20, 5W-30 కూడా ఉన్నాయి. టెన్షన్‌గా ఉంది. ఏది కొనాలి?

జవాబు: తమ్ముడూ, మూత మీద ఉన్నదే కొను. మీ మామ ఏళ్ల తరబడి బైకులకి పోసి చూసిన ఆయిల్ పేరే చెప్పాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. కానీ ఆ మాట తిరుపతి చలికి సరిపోతుంది, మిన్నియాపోలిస్ చలికి సరిపోదు.

ముందుగా, డబ్బా మీది అంకెలు డిగ్రీలు కావు. సున్నా అంటే సున్నా డిగ్రీలనో, చిక్కదనం సున్నా అనో అనుకోవద్దు. అవి గ్రేడ్ల పేర్లు, అంతే. ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ పెట్టినవి. W అంటే వింటర్. W ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా ఉంటుందో చెబుతుంది. గీత తర్వాతి అంకె ఇంజను బాగా వేడెక్కాక ఎలా ఉంటుందో చెబుతుంది. రెండు వేర్వేరు పరీక్షలు, రెండు వేర్వేరు మార్కులు. 0W-20ని ఒకే అంకెలాగా చదవడం వల్లే "నీళ్లు" అనిపిస్తుంది.

చలి అంకెకి రెండు పరీక్షలు ఉంటాయి. స్టార్టర్ తిప్పినప్పుడు ఇంజను తిరిగేంత పల్చగా ఉందా అనేది ఒకటి. ఇంజను అడుగున ఆయిల్ నిలిచే సంపులోంచి దాన్ని పంపు లాగగలదా అనేది రెండోది. 0W గ్రేడుకి మొదటి పరీక్ష మైనస్ 35 డిగ్రీల దగ్గర, రెండోది మైనస్ 40 దగ్గర చేస్తారు. 5W అయితే మైనస్ 30, మైనస్ 35. మీ మామ చెప్పిన 20W అయితే మైనస్ 15, మైనస్ 20. అంకె తగ్గేకొద్దీ ఆయిల్ ఇంకా పెద్ద చలిని తట్టుకుంటుంది.

ఇప్పుడు మీ ఊరి లెక్క వేద్దాం. మిన్నియాపోలిస్‌లో జనవరి రాత్రి మైనస్ 25కి పడిపోవడం వింతేమీ కాదు. కారు రాత్రంతా బయట నిలబెట్టావు. అందులో 20W-40 ఉంటే అది స్టార్టర్ పరీక్ష హద్దునీ, పంపు పరీక్ష హద్దునీ రెండింటినీ దాటిపోయింది. తాళం తిప్పితే స్టార్టర్ ఈడ్చుకుంటూ మూలుగుతుంది. చలికి బ్యాటరీ కూడా నీరసపడి ఉంటుంది కాబట్టి స్టార్ట్ కాకపోవచ్చు. నన్నడిగితే అదే నయం. స్టార్ట్ అయితేనే అసలు ప్రమాదం. సంపు అడుగున జల్లెడ దగ్గరున్న కాస్త ఆయిల్‌ని పంపు లాగేసుకుంటుంది, పక్కనున్నది గట్టిపడి ఉండటంతో ఆ ఖాళీలోకి జారి రాదు. పంపు గాలి పీలుస్తుంది. పైన వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కి ఆయిల్ అందదు. ఇంజన్ పైభాగం నుంచి టకటకమని చప్పుడు వస్తుంది, డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు ఆరదు. మామూలుగా ఆ లైటు స్టార్ట్ అయిన కొన్ని క్షణాల్లోనే ఆరిపోవాలి. ఆరకపోతే యాక్సిలరేటర్ తొక్కి చూడొద్దు, వెంటనే ఇంజను ఆపెయ్.

మీ మామకి ఇదంతా ఫోనులో చెబితే నమ్మకపోవచ్చు. మొన్న సెలవుల్లో చిత్తూరు వెళ్లినప్పుడు మా తమ్ముడి కొడుకు కూడా నమ్మలేదు. రెండు చిన్న గాజు సీసాల్లో చెరో సగం 20W-40, 0W-20 పోసి, మూత బిగించి, రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాం. (మా అమ్మ ముందు తిట్టింది, తర్వాత కవరు చుట్టి పెట్టుకోమంది.) ఇంటి ఫ్రీజర్ సుమారు మైనస్ 18 ఉంటుంది. పొద్దున్నే రెండూ ఒకేసారి వంచితే 0W-20 వెంటనే సీసా మెడలోకి జారింది. 20W-40 మాత్రం తేనెలా సాగుతూ, అడుగునే వేలాడుతూ తీరిగ్గా కదిలింది. ఇది ల్యాబు పరీక్ష కాదు, దీన్నిబట్టి గ్రేడు తేల్చలేం. కానీ తేడా కంటికి కనిపిస్తుంది. మీ మామని ఇంట్లోనే చేసి చూడమను.

ఇక రెండో అంకె. దీన్ని 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. అక్కడ 20 గ్రేడు ఆయిల్ చిక్కదనం 6.9 నుంచి 9.3 లోపు ఉండాలి, 40 గ్రేడుది 12.5 నుంచి 16.3 లోపు. కొలత పేరు సెంటీస్టోక్. అంటే వేడి మీద 20 గ్రేడు నిజంగానే పల్చన, 40తో పోలిస్తే సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. అంతవరకు మీ మామ అన్నది నిజం. కానీ ఆ ఇంజను తయారుచేసినవాళ్లు బేరింగుల సందులూ ఆయిల్ పంపూ ఆ పల్చదనాన్ని లెక్కలోకి తీసుకునే డిజైన్ చేశారు. కొన్ని ఇంజన్లలో వాల్వుల టైమింగు మార్చే భాగం కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. చిక్కటిది పోస్తే అది బద్ధకంగా స్పందించవచ్చు, మైలేజీ కూడా కొంత తగ్గుతుంది.

"మరి తిరుపతి ఎండకి చిక్కటిది కావాలి కదా?" అని మీ మామ అడుగుతాడు. కారులో థర్మోస్టాట్ కూలెంట్‌ని 90 డిగ్రీల చుట్టుపక్కల ఉంచుతుంది. బయట మైనస్ 25 ఉన్నా, మే నెలలో తిరుపతిలోలాగా 42 ఉన్నా, కాసేపు నడిచాక ఇంజన్ లోపలి వేడిలో తేడా మనం అనుకున్నంత ఉండదు. అందుకే రెండో అంకె ఊరిని బట్టి కంటే ఇంజన్‌ని బట్టి ఉంటుంది. నమ్మకపోతే తిరుపతిలో కొత్త పెట్రోలు కార్ల సర్వీస్ సెంటర్‌కి వెళ్లి అడగమను, వాటిలో చాలావాటికి 0W-20 లేదా 0W-16 పోస్తున్నారు. కొండ రోడ్డు మీద ట్రెయిలర్ లాగడం, గంటల తరబడి గట్టిగా నడపడం వేరే కథ. అప్పుడు ఆయిల్ బాగా వేడెక్కుతుంది. ఆ సందర్భాలకి కొన్ని మాన్యువల్స్ ఒక మెట్టు చిక్కటి గ్రేడుని అనుమతిస్తాయి. నువ్వు కాలేజీకి వెళ్లొచ్చే కారుకి ఆ లెక్క అక్కర్లేదు.

షాపులో ఇలా చూడు. డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో 0W-20 ఉంటుంది. వెనక్కి తిప్పితే ఏపీఐ అనే అమెరికా పెట్రోలియం సంస్థ గుండ్రటి గుర్తు కనిపిస్తుంది. దాని మధ్యలో గ్రేడు, పైన క్వాలిటీ అక్షరాలు ఉంటాయి. గ్రేడు చిక్కదనం మాత్రమే చెబుతుంది, ఆ అక్షరాలే నాణ్యత చెబుతాయి. రెండూ మాన్యువల్‌తో సరిపోవాలి. పెద్ద డబ్బా 5 క్వార్ట్‌లు, అంటే దాదాపు 4.7 లీటర్లు. డబ్బా మొత్తం వంపేయకు, మాన్యువల్‌లో రాసినంత పోసి డిప్‌స్టిక్ చూడు.

ఆయిల్ తగ్గి, దారిలో బంకులో 5W-20 మాత్రమే దొరికితే కొంచెం పోసుకోవచ్చు. వేడి మీద అది అదే 20 గ్రేడు, చలి అంకె మాత్రమే ఒక మెట్టు తేడా. కొన్ని మాన్యువల్స్‌లో ఆ వెసులుబాటు రాసే ఉంటుంది, తర్వాతి సర్వీసుకి మాత్రం 0W-20కి మారమంటాయి. 5W-30 అంటే రెండో అంకె కూడా మారిపోతుంది, కాబట్టి మాన్యువల్‌లో ఆ పేరు ఉంటే తప్ప ఆయిల్ మార్పుకి వద్దు.

ఇంకోమాట. డబ్బాలో మిగిలిందని ఊరికి తెచ్చి మీ మామ బైకులో మాత్రం పోయొద్దు. బైకుల్లో చాలావాటికి క్లచ్చు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిల్‌లో రాపిడి తగ్గించే మందులు కలిపి ఉంటే ప్లేట్లు జారతాయి. ఆ బైకుకి ఆయన చెప్పిన 20W-40, అదీ బైకు ఆయిల్ డబ్బాలోదే సరైనది.