హాస్టల్‌కి ఆలస్యంగా వచ్చినందుకు మెమో: సంజాయిషీలో ఏం రాయాలి?

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. లేడీస్ హాస్టల్ గేటు రాత్రి 9కి మూస్తారు. మొన్న ఆదివారం సూర్యాపేటలో మా ఇంటి నుంచి వస్తుంటే ఆర్టీసీ బస్సు చౌటుప్పల్ దగ్గర చెడిపోయింది. హాస్టల్‌కి చేరేసరికి 9.50. మధ్యలో ఎల్‌బీ నగర్‌లో ఆకలేసి ఒక 20 నిమిషాలు టిఫిన్‌కి ఆగాను. సోమవారం వార్డెన్ మేడమ్ మెమో ఇచ్చారు. 'తరచూ ఆలస్యంగా వస్తున్నందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో 24 గంటల్లో తెలపండి' అని ఉంది. అంతకుముందు రెండుసార్లు లేట్ రిజిస్టర్‌లో సంతకం పెట్టిన మాట నిజమే. 'తప్పు చేశాను, మళ్ళీ చేస్తే హాస్టల్ నుంచి తీసేయండి అని రాసిస్తే వదిలేస్తాను' అంటున్నారు. రాసివ్వాలా? టిఫిన్ సంగతి చెప్పాలా? చాలా టెన్షన్‌గా ఉంది. (ఒక విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: ఆ వాక్యం మాత్రం రాసివ్వకండమ్మా. సంజాయిషీ ఇవ్వండి, గడువులోపలే ఇవ్వండి, కానీ మీ మాటల్లో ఇవ్వండి.

ఇలాంటి ఉత్తరాన్ని పిల్లలు ఆ పూట గండం గట్టెక్కించే కాగితం అనుకుంటారు. అది వెళ్ళి మీ ఫైల్లో కూర్చుంటుంది. ఆరు నెలల తర్వాత ఇంకో వార్డెన్ వస్తారు, ఇంకో ఆదివారం ఇంకో బస్సు ఆగుతుంది. అప్పుడు ఆ ఫైలు తీస్తే చౌటుప్పల్ ఉండదు, బస్సు ఉండదు. 'తప్పు చేశాను, తీసేయండి' అని మీ చేతిరాతే కనిపిస్తుంది. మనిషి తనకు వ్యతిరేకంగా తానే రాసిచ్చినదాన్ని చట్టం ఒప్పుకోలు అంటుంది. అది తిరుగులేని రుజువు కాదు, ఒత్తిడి చేసి రాయించారని తర్వాత వాదించవచ్చు. కానీ ఆ ఒత్తిడిని నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది. 'మళ్ళీ చేస్తే తీసేయండి' అన్న ముక్క ఇంకా చెడ్డది. రేపు జరగబోయేదానికి శిక్ష ఏమిటో ఈరోజే మీరు ఒప్పుకుంటున్నారన్నమాట.

మెమో భాష కూడా చూడండి. 'ఎందుకు ఆలస్యమైంది' అని మాత్రమే అడిగితే అది వివరణ కోరడం. 'చర్య ఎందుకు తీసుకోకూడదు' అంటే షోకాజ్ నోటీసు. మీకొచ్చింది రెండోది. అయితే అందులో ఏ రోజులు, ఎన్ని నిమిషాలు, ఏ నియమం కింద, ఏ చర్య అన్నది లేదు, 'తరచూ' అనే ఒక్క మాట ఉంది. ఆ మాటకు జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు. అందుకే మీ ఉత్తరంలో ఆ రెండు పాత తేదీలూ మీరే రాసి, ఒక్కోదానికి కారణం రాయండి. దాంతో 'తరచూ' అనే ఆరోపణ మూడు తేదీల లెక్కలోకి వచ్చేస్తుంది. కారణం లేని రోజు ఉంటే ఉందనే రాయండి.

ఇక టిఫిన్ సంగతి. చెప్పండి. మీరే లెక్క వేసుకోండి. సాయంత్రం 4.30కి సూర్యాపేటలో బస్సెక్కితే మామూలుగా 7.15 ప్రాంతంలో ఎల్‌బీ నగర్, 8కల్లా హాస్టల్. అంటే గేటు మూయడానికి గంట ముందే చేరేలా బయల్దేరారు. బస్సు ఆగి, గంటకు పైగా రోడ్డు మీద నిలబడి, ఇంకో బస్సు పట్టుకుని ఎల్‌బీ నగర్‌లో దిగేసరికి 8.45 అయిందనుకుందాం. అక్కడ ఆగకుండా మెట్రో ఎక్కినా గేటు దగ్గరకు 9.30. ఆలస్యమైన 50 నిమిషాల్లో 30 బస్సువి, 20 మీవి. దాచిపెడితే ఏమవుతుంది? బస్సు దిగిన టైము, మెట్రో టికెట్ మీది టైము పక్కపక్కన పెడితే మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. టిఫిన్ బిల్లు ఫోన్‌పేలో కట్టి ఉంటే అది మీ ఫోన్‌లోనే ఉంటుంది. 20 నిమిషాల అబద్ధం బయటపడిన రోజున 30 నిమిషాల నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. మధ్యాహ్నం నుంచి ఏమీ తినని పిల్ల ఇడ్లీ తినడానికి ఆగిందంటే కోపగించుకునే వార్డెన్లు తక్కువ. ఆ మాట దాచిందంటే కోపగించుకోని వార్డెన్లు ఇంకా తక్కువ.

స్నేహితులు 'జ్వరమని మెడికల్ సర్టిఫికెట్ పెట్టెయ్' అని సలహా ఇస్తారు. దాని జోలికి వెళ్ళొద్దు. ఆలస్యంగా రావడం హాస్టల్ నియమం దాటడం వరకే. దొంగ సర్టిఫికెట్ పెడితే అది ఫోర్జరీ అనే నేరంలోకి వెళుతుంది.

ఆధారాలు ఈరోజే పక్కన పెట్టుకోండి. ఆర్టీసీ టికెట్ మీద తేదీ, ఎక్కిన టైము ముద్రించి ఉంటాయి. ఆ కాగితం అక్షరాలు నెల తిరిగేసరికి మాసిపోతాయి, ఫొటో తీసి పెట్టుకోండి. బస్సు చెడిపోయినప్పుడు అదే టికెట్ మీద ఇంకో బస్సు ఎక్కించి ఉంటారు కాబట్టి రెండో బస్సుకి టికెట్ ఉండదు. అది మీ తప్పు కాదు, కానీ ఉత్తరంలో ఒక మాట రాయండి. అవసరమైతే ఆ డిపో మేనేజర్‌కి అర్జీ పెట్టి ఆ రోజు ఆ సర్వీసు ఆగిపోయిందని రాసిమ్మని అడగవచ్చు. ఇవ్వకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు ఉంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. అయితే ఇది తర్వాతి మాట, 24 గంటల జవాబుకు ఇది అందదు. దారిలో వార్డెన్‌కి గానీ కేర్‌టేకర్‌కి గానీ ఫోన్ చేసి ఉంటే, వాళ్ళు ఎత్తకపోయినా సరే, కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ తీయండి. చేయకపోతే చేయలేదనే రాయండి. ఫోన్ చేయకపోవడమే మీ కేసులో అసలైన లోటు అవుతుంది, టిఫిన్ కాదు.

ఉత్తరం సుమారుగా ఇలా ఉంటే చాలు. టైములు, తేదీలు మీవి వేసుకోండి:

"గౌరవనీయులైన వార్డెన్ గారికి,
విషయం: సోమవారం నాకు అందిన మెమోకు సంజాయిషీ.
ఆదివారం సాయంత్రం 4.30కి సూర్యాపేటలో ఆర్టీసీ బస్సు ఎక్కాను. 6.15కి చౌటుప్పల్ దగ్గర బస్సు చెడిపోయింది. 7.20కి మమ్మల్ని అదే టికెట్‌పై వేరే బస్సు ఎక్కించారు. 8.45కి ఎల్‌బీ నగర్‌లో దిగాను. అక్కడ 20 నిమిషాలు టిఫిన్ చేసి మెట్రోలో బయల్దేరి 9.50కి హాస్టల్‌కి వచ్చాను. 7.05కి కేర్‌టేకర్ గారికి ఫోన్ చేశాను, కలవలేదు. మళ్ళీ ప్రయత్నించి ఉండాల్సింది, చేయలేదు.
ఈ సెమిస్టర్‌లో ఇంతకుముందు రెండుసార్లు ఆలస్యమైంది. మొదటిసారి ల్యాబ్ రాత్రి 8.40 వరకు జరిగింది, డిపార్ట్‌మెంట్ ఇచ్చిన లెటర్ జతచేశాను. రెండోసారి 10 నిమిషాలు, దానికి ప్రత్యేక కారణం లేదు.
నా ఆలస్యం వల్ల మీకు కలిగిన ఆందోళనకు విచారిస్తున్నాను. ఇకపై ఆలస్యమయ్యేలా ఉంటే ముందే తెలియజేస్తాను. చర్య ఏదైనా తీసుకోదలిస్తే ఏ నియమం కిందో తెలిపి, నా మాట వినిపించుకునే అవకాశం ఇవ్వగలరని కోరుతున్నాను.
జతచేసినవి: బస్ టికెట్ ఫొటో, మెట్రో టికెట్, కాల్ లిస్టు, డిపార్ట్‌మెంట్ లెటర్."

'విచారిస్తున్నాను' అన్నానని కంగారు పడకండి. ఎదుటివాళ్ళు పడ్డ ఆందోళనకు విచారించడం వేరు, 'క్రమశిక్షణ ఉల్లంఘించాను' అని రాసివ్వడం వేరు. మొదటిది మర్యాద. రాత్రి పదింటికి ఒక అమ్మాయి గది ఖాళీగా ఉంటే జవాబు చెప్పాల్సింది ఆ మేడమే కదా. ఇకపై తెలియజేస్తానన్న మాట కూడా మీరు నిలబెట్టుకోగలిగినదే, 'ఇక ఎప్పుడూ ఆలస్యం చేయను' లాంటిది కాదు.

చివర్లో అడిగిన అవకాశం గురించి కొంచెం చెప్పాలి. శిక్ష వేసేముందు మాట వినాలన్నది సహజ న్యాయసూత్రం, యూనివర్సిటీకీ వర్తిస్తుంది. కానీ దాన్ని కోర్టు విచారణలా ఊహించుకోకండి. రాంచీలో రాజేంద్ర మెడికల్ కాలేజీ లేడీస్ హాస్టల్‌లోకి రాత్రిపూట మగపిల్లలు చొరబడిన కేసులో, ఫిర్యాదు చేసిన అమ్మాయిలను నిందితుల ఎదుటే ప్రశ్నించనక్కర్లేదని సుప్రీంకోర్టు 1973లో చెప్పింది. ఆరోపణ ఏమిటో చెప్పి, జవాబు తీసుకుని, దాన్ని నిజంగా పరిశీలిస్తే సరిపోవచ్చు. కాబట్టి చాలాసార్లు మీ మాట వినడమంటే మీ ఉత్తరం చదవడమే.

అబ్బాయిల హాస్టల్‌కి ఇలాంటి టైము లేదు కదా అన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది. అది న్యాయమైన ప్రశ్న. భద్రత పేరు చెప్పి అమ్మాయిల హాస్టళ్ళకు అబ్బాయిల కంటే వేరే, వివక్షతో కూడిన నియమాలు పెట్టకూడదని లైంగిక వేధింపుల నివారణపై యూజీసీ 2015 నిబంధనల్లోనే ఉంది. కోజికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినులు 9.30 గేటు మీద 2022లో కేరళ హైకోర్టుకు వెళ్ళారు. ఆ కేసు నడుస్తుండగానే ఆ డిసెంబర్‌లో ప్రభుత్వం ఆడ మగ తేడా లేకుండా ఒకే నియమం తెచ్చింది. కేరళ హైకోర్టు మాట తెలంగాణలో ఆలోచింపజేస్తుందే గానీ కట్టిపడేయదు. పైగా అక్కడ కూడా గేటుకు టైమే ఉండకూడదని తేల్చలేదు. ఇవన్నీ ఈ సంజాయిషీలో రాయకండి. ఎందుకు ఆలస్యమైందని అడిగితే నియమమే తప్పని మొదలుపెడితే, బస్సు చెడిపోయిన నిజం పక్కకు పోతుంది. ఆ విషయం మీద తోటి విద్యార్థినులతో కలిసి విడిగా అర్జీ ఇవ్వండి.

ఇంత రాసినా హాస్టల్ నుంచి తీసేస్తూ ఉత్తర్వు ఇస్తే, దాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అది మామూలుగా 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. పరీక్షల ముందు సామాన్లు బయటపెట్టించే పరిస్థితి వస్తే మాత్రం అంతకాలం ఆగనక్కర్లేదు, మీది ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి హైకోర్టులో రిట్ వేసి స్టే అడగవచ్చు. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ప్రైవేటు హాస్టల్లో ఉండి ఇది చదువుతున్న వాళ్ళకు ఈ దారి మామూలుగా ఉండదు. అక్కడ మీరు డబ్బు కట్టి తీసుకున్న సేవ అది. పంపేస్తే మిగిలిన నెలల ఫీజు, డిపాజిట్ కోసం వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలి.

ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకదాని మీద 'అందింది' అని తేదీ, టైముతో సంతకం అడగండి. పెట్టకపోతే అక్కడ గొడవపడకుండా బయటికొచ్చి, దాన్నే ఫొటో తీసి వార్డెన్ అధికారిక ఈమెయిల్‌కి, కాపీ చీఫ్ వార్డెన్‌కి, 24 గంటలు దాటకముందే పంపండి.